ఏజీఎంకు షేర్‌హోల్డర్లను పిలవడం ఎలా: తేదీ, ఎజెండా, ప్రాక్సీ, ఆన్‌లైన్ హాజరు

"పోయినేడాది నోటీసులో తేదీ మార్చి పంపేస్తే సరిపోతుందా?" ఆగస్టు మొదలైతే చాలు, ఏజీఎం, అంటే వార్షిక సర్వసభ్య సమావేశం గురించి చిన్న కంపెనీలు నడిపేవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇదే. సరిపోదు. పోయినేడాది మీటింగు హాల్లో జరిగి ఈసారి ఆన్‌లైన్‌లో పెడుతుంటే ఆ నోటీసులోని ప్రాక్సీ పేరా, అంటే సభ్యుడు తన బదులు మనిషిని పంపే హక్కు గురించిన పేరా, తప్పవుతుంది. పోయినేడాది నోటీసు ఈమెయిల్‌లో వెళ్ళి ఈసారి పోస్టులో వెళ్తుంటే రోజుల లెక్క మారుతుంది. అందుకే ఈ పనిని మొదటి నుంచి చివరి దాకా ఒకచోట రాస్తున్నాను.

ఇది స్టాక్ ఎక్స్‌ఛేంజిలో లిస్ట్ కాని, వెయ్యి మందికి లోపు సభ్యులున్న పబ్లిక్ లిమిటెడ్ కంపెనీల కోసం. లిస్టెడ్ కంపెనీలకూ, వెయ్యి మందీ ఆపైన సభ్యులున్న వాటికీ ఈ-ఓటింగ్ తప్పనిసరి, వాటి దారి వేరు. మీది ప్రైవేట్ లిమిటెడ్ అయితే చాలా వరకు ఇదే పద్ధతి. కానీ నోటీసు గడువు, ప్రాక్సీ, కోరం అంటే మీటింగుకు ఉండాల్సిన కనీస హాజరు, ఇలాంటి విషయాల్లో మీ ఆర్టికల్స్, అంటే కంపెనీ సొంత నియమావళి, వేరేలా చెబితే ఆర్టికల్స్ మాటే చెల్లుతుంది కాబట్టి ముందు వాటిని తీసి చదవండి. రైతు ఉత్పత్తిదారుల కంపెనీలకు చట్టంలో ప్రత్యేక అధ్యాయం ఉంది, అక్కడ నోటీసు గడువు 14 రోజులే. వాళ్ళు దీన్ని అనుసరించకండి.

చదివేటప్పుడు పట్టు దొరకడానికి ఒక ఉదాహరణ పెట్టుకుందాం. గుంటూరు దగ్గర మిర్చి నిల్వ చేసే ఒక కోల్డ్ స్టోరేజీ కంపెనీ. 64 మంది సభ్యులు, 5,00,000 షేర్లు. సభ్యుల్లో 11 మంది అమెరికాలో ఉన్నారు, ఎక్కువమంది డాలస్, న్యూజెర్సీ వైపు. మిగిలినవాళ్ళలో సగం మంది చుట్టుపక్కల ఊళ్ళలో ఉండే పెద్దవాళ్ళు. లెక్కల సంవత్సరం 2026 మార్చి 31తో ముగిసింది.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- తాజా సభ్యుల రిజిస్టరు: పేరు, చిరునామా, ఈమెయిల్, ఫోను, షేర్ల సంఖ్య
- కంపెనీ ఆర్టికల్స్
- పోయిన ఏజీఎం నోటీసు, మినిట్స్
- ఆడిట్ పూర్తయిన లెక్కలు, ఆడిటర్ రిపోర్టు, బోర్డు రిపోర్టు
- కంపెనీ లెటర్‌హెడ్: పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా, సీఐఎన్ నంబరు, ఫోను, ఈమెయిల్ అన్నీ అచ్చయినది
- ఆన్‌లైన్ అయితే, గంటల తరబడి నడిచే వీడియో మీటింగ్ ఖాతా

1. హాలా, ఆన్‌లైనా? ముందు ఇది తేల్చండి

మిగతా నిర్ణయాలన్నీ దీని మీదే ఆధారపడతాయి.

హాల్లో పెడితే మీటింగు రిజిస్టర్డ్ ఆఫీసులోగానీ, ఆఫీసున్న అదే ఊళ్ళో మరోచోటగానీ జరగాలి. ఆఫీసు గుంటూరులో ఉంటే విజయవాడ హోటల్లో పెట్టడానికి కుదరదు. లిస్ట్ కాని కంపెనీ అయితే సభ్యులందరూ ముందుగా రాతపూర్వకంగానో ఈమెయిల్‌లోనో ఒప్పుకుంటేనే దేశంలో మరో ఊళ్ళో పెట్టవచ్చు. అందరూ అంటే నిజంగా అందరూ, ఒక్కరు మిగిలినా చెల్లదు. హాలు మీటింగుకు ప్రాక్సీ హక్కు ఉంటుంది.

ఆన్‌లైన్‌లో పెట్టే వీలు 2020లో కరోనా సమయంలో కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ సర్క్యులర్లతో మొదలైంది. దాన్ని ఏడాదికోసారి పొడిగిస్తూ వచ్చి, 2025 సెప్టెంబరులో "తదుపరి ఉత్తర్వుల వరకు" అని కొనసాగించారు. మీరు నోటీసు పంపే రోజున ఆ శాఖ వెబ్‌సైట్‌లో దాన్ని ఒకసారి సరిచూసుకోండి. ఈ మీటింగులకు ప్రాక్సీ ఉండదు. సభ్యుడు ఎక్కడినుంచైనా స్వయంగా హాజరు కాగలడు కాబట్టి బదులు మనిషి అక్కర్లేదని దాని వెనకున్న ఆలోచన.

ఈ-ఓటింగ్ తప్పనిసరి కాని కంపెనీ ఆన్‌లైన్ ఏజీఎం పెట్టాలంటే ఒక షరతు ఉంది. కనీసం సగం మంది సభ్యుల ఈమెయిల్ చిరునామాలు కంపెనీ రికార్డుల్లో ఉండాలి, వాళ్ళ చేతిలో ఓటు హక్కున్న మూలధనంలో కనీసం 75 శాతం ఉండాలి. మన ఉదాహరణలో 41 మంది ఈమెయిళ్ళు ఉన్నాయి, వాళ్ళ షేర్లు 4,15,000. అంటే 64లో సగానికి మించి, మూలధనంలో 83 శాతం. రెండు లెక్కలూ కుదిరాయి. ఒకవేళ 41 మంది ఉండి వాళ్ళ షేర్లు 3,60,000 మాత్రమే అయితే అది 72 శాతం, కుదరదు. అప్పుడు పెద్ద వాటాలున్న వాళ్ళకు ఫోన్ చేసి ఈమెయిల్ నమోదు చేయించాలి, లేదా హాలు చూసుకోవాలి.

ఎటు వెళ్ళాలన్నది మీ సభ్యులను చూసి నిర్ణయించండి. ఆన్‌లైన్ పెడితే డాలస్‌లో ఉన్న కొడుకు రాగలడు కానీ, స్మార్ట్‌ఫోన్ వాడని తండ్రి తన బదులు మనవణ్ణి పంపలేడు. హాలు పెడితే దీనికి తలకిందులు. మన కంపెనీ ఆన్‌లైన్‌నే ఎంచుకుంది. ఊళ్ళో పెద్దవాళ్ళ కోసం ఆఫీసులో రెండు లాప్‌టాప్‌లు పెట్టి, ఒక్కొక్కరినీ వాళ్ళ పేరు మీదే లాగిన్ చేయించే ఏర్పాటు చేసింది. పదిమంది ఒకే స్క్రీన్ ముందు కూర్చుని ఒకే పేరుతో చేరితే ఎవరు వచ్చారో, ఎవరు ఓటేశారో రికార్డులో తేలదు. అందుకే ఒక్కొక్కరి పేరూ హాజరులో విడిగా రాయాలి.

హాలూ ఆన్‌లైనూ రెండూ కలిపి పెట్టవచ్చా అని చాలామంది అడుగుతారు. చిన్న కంపెనీకి నేను వద్దనే చెబుతాను. హాలు తెరిచారంటే ప్రాక్సీ హక్కు తిరిగి వస్తుంది, ఓట్ల లెక్క రెండు చోట్ల నడుస్తుంది, ఏదైనా గొడవ వస్తే దేన్నీ గట్టిగా రుజువు చేయలేరు.

2. తేదీ, సమయం పెట్టండి

మూడు గీతలు గీసుకుని వాటి లోపల తేదీ పెట్టాలి. లెక్కల సంవత్సరం ముగిసిన 6 నెలల్లోపు, అంటే సెప్టెంబరు 30 లోపు. పోయిన ఏజీఎంకూ దీనికీ మధ్య 15 నెలలు దాటకూడదు. ప్రతి క్యాలెండర్ సంవత్సరంలో ఒక ఏజీఎం ఉండాలి. కంపెనీ పెట్టాక ఇదే మొదటి ఏజీఎం అయితే మాత్రం 9 నెలల గడువు ఉంటుంది.

చాలామంది మొదటి గీత ఒక్కటే చూస్తారు. పోయినేడాది తొందరగా 2025 జూన్ 5న మీటింగు ముగించారనుకోండి. 15 నెలలు 2026 సెప్టెంబరు 5కే నిండిపోతాయి. "సెప్టెంబరు 30 వరకు టైముంది కదా" అని కూర్చుంటే తప్పు జరిగినట్టే. గడువు దాటితే కంపెనీకీ, బాధ్యులైన అధికారులకూ జరిమానా లక్ష రూపాయల దాకా, తప్పు కొనసాగితే రోజుకు 5,000 దాకా ఉంటుంది. నిజంగా అవసరమైతే గడువుకు ముందే విజయవాడ లేదా హైదరాబాద్ కంపెనీల రిజిస్ట్రారుకు కారణం చూపి మూడు నెలల దాకా పొడిగింపు అడగవచ్చు. మొదటి ఏజీఎంకు ఆ వీలు లేదు.

మీటింగు ఉదయం 9 నుంచి సాయంత్రం 6 మధ్య మొదలవ్వాలి. జాతీయ సెలవు రోజున పెట్టకూడదు. ఆదివారం పెట్టుకోవచ్చు, ఈ అనుమానం చాలామందికి ఉంటుంది.

విదేశాల్లో సభ్యులుంటే గడియారం కూడా చూడాలి. వేర్వేరు టైమ్ జోన్లలో ఉన్నవాళ్ళ సౌకర్యం దృష్టిలో పెట్టుకోమని సర్క్యులరే చెబుతోంది. సెప్టెంబరులో మన సాయంత్రం 5 గంటలు అంటే న్యూజెర్సీలో అదే రోజు ఉదయం 7:30, డాలస్‌లో 6:30, కాలిఫోర్నియాలో 4:30, లండన్‌లో మధ్యాహ్నం 12:30. ఎక్కువమంది కాలిఫోర్నియాలో ఉంటే మన ఉదయం 9 గంటలు నయం, వాళ్ళకు ముందురోజు రాత్రి 8:30 అవుతుంది. మన కంపెనీ 2026 సెప్టెంబరు 26, శనివారం, సాయంత్రం 5 గంటలు అని నిర్ణయించింది.

నోటీసులో భారత సమయంతో పాటు సభ్యులున్న చోట్ల సమయం, తేదీ కూడా రాయండి. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక కంపెనీ నోటీసులో "ఉదయం 10 గంటలకు" అని మాత్రమే రాసి పంపాను. అమెరికాలో ఉన్న ఒక సభ్యుడు తన ఉదయం 10 గంటలకు లింకు తెరిచి కూర్చున్నాడు. అప్పటికి మీటింగు ముగిసి గంటలు దాటింది. ఆయన అడగాలనుకున్న ప్రశ్న ఏడాది పాటు ఆగిపోయింది. అప్పటినుంచి టైమ్ జోన్ రాయకుండా నోటీసు పంపలేదు.

3. రోజులు వెనక్కి లెక్కపెట్టండి

పూర్తి 21 రోజుల నోటీసు ఇవ్వాలి. "పూర్తి" అన్న మాట దగ్గరే తప్పులు జరుగుతాయి. నోటీసు పంపిన రోజూ, మీటింగు రోజూ రెండూ లెక్కలోకి రావు. పోస్టులో లేదా కొరియర్‌లో పంపితే చేరడానికని ఇంకో 2 రోజులు కలపాలి.

మన ఉదాహరణ ఇలా వెళ్తుంది. మీటింగు సెప్టెంబరు 26, దాన్ని వదిలేయాలి. సెప్టెంబరు 25 నుంచి వెనక్కి 21 రోజులు లెక్కపెడితే సెప్టెంబరు 5 దగ్గర ఆగుతాం. పంపే రోజు కూడా లెక్కలో ఉండదు కాబట్టి ఈమెయిల్ ఆఖరి రోజు సెప్టెంబరు 4. పోస్టు అయితే ఇంకో రెండు రోజులు వెనక్కి, సెప్టెంబరు 2. కొందరు 26లోంచి 21 తీసేసి 5వ తేదీన పంపుతారు. ఒక్క రోజు తేడాతో నోటీసు చెల్లకుండా పోతుంది, ఆ మీటింగులో చేసిన తీర్మానాలన్నీ ప్రశ్నార్థకమవుతాయి. ఆఖరి రోజు దాకా ఆగకుండా రెండు మూడు రోజులు ముందే పంపండి.

గడువు దాటిపోతే ఏం చేయాలి? ఓటు హక్కున్న సభ్యుల్లో కనీసం 95 శాతం మంది తక్కువ నోటీసుకు రాతపూర్వకంగా లేదా ఈమెయిల్‌లో ఒప్పుకుంటే చెల్లుతుంది. ఏజీఎంకు ఇది తలల లెక్క, షేర్ల లెక్క కాదు. 64 మందిలో 95 శాతం అంటే 60.8, కాబట్టి 61 మంది సంతకాలు కావాలి. లెక్కల పత్రాలు ఆలస్యంగా పంపినందుకు విడిగా సమ్మతి తీసుకోవాలి, దాని లెక్క వేరు: సభ్యుల్లో ఎక్కువమంది, వాళ్ళ చేతిలో మూలధనంలో 95 శాతం. కుటుంబ కంపెనీలో ఇది సులువే. సభ్యులు నాలుగు ఊళ్ళలో, రెండు ఖండాల్లో ఉన్నప్పుడు దీని మీద ఆశ పెట్టుకోవద్దు. మీటింగును ఇంకో తర్వాతి తేదీకి మార్చుకోవడమే మేలు.

4. బోర్డు మీటింగులో నోటీసును ఆమోదించండి

ఏజీఎంను పిలిచేది బోర్డు. ఎండీ గారో, అకౌంటెంటో సొంతంగా పిలవలేరు. బోర్డు మీటింగుకు డైరెక్టర్లకు 7 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ మీటింగులో లెక్కలు, బోర్డు రిపోర్టు, ఏజీఎం తేదీ, నోటీసు ముసాయిదా, నోటీసు మీద ఎవరు సంతకం చేయాలన్నది ఆమోదించండి. మన కంపెనీ ఆగస్టు 29, శనివారం బోర్డు మీటింగు పెట్టింది. పోస్టు ఆఖరి రోజుకు ఇంకా నాలుగు రోజులు చేతిలో ఉన్నాయి.

5. ఎజెండా రాయండి

ఏజీఎంలో నాలుగు పనులను మాత్రమే చట్టం "సాధారణ వ్యవహారం" అంటుంది: లెక్కలూ బోర్డు, ఆడిటర్ల రిపోర్టులూ స్వీకరించడం, డివిడెండ్ ప్రకటించడం, వంతు ప్రకారం దిగిపోయే డైరెక్టర్ల స్థానంలో నియామకం, ఆడిటర్ల నియామకం, వాళ్ళ ఫీజు. ఇవి తప్ప మిగిలినదంతా "ప్రత్యేక వ్యవహారం". ప్రత్యేక వ్యవహారం ఒక్కటున్నా నోటీసు వెనక వివరణ పత్రం జత చేయాలి.

ఇక్కడ "ప్రత్యేక వ్యవహారం" వేరు, "ప్రత్యేక తీర్మానం" వేరు. ప్రత్యేక తీర్మానం అంటే వ్యతిరేక ఓట్లకు కనీసం మూడు రెట్లు అనుకూల ఓట్లు రావలసినది. ప్రత్యేక వ్యవహారం సాధారణ తీర్మానంతో కూడా ఆమోదం పొందవచ్చు. ప్రతి అంశం కింద అది ఏ రకం తీర్మానమో స్పష్టంగా రాయండి.

మన కంపెనీ ఎజెండా ఇలా ఉంది:

సాధారణ వ్యవహారం
1. 2026 మార్చి 31తో ముగిసిన సంవత్సరపు ఆడిట్ అయిన లెక్కలు, బోర్డు, ఆడిటర్ల రిపోర్టులను స్వీకరించడం.
2. బోర్డు సిఫారసు చేసిన డివిడెండ్‌ను ప్రకటించడం.
3. వంతు ప్రకారం దిగిపోతూ, తిరిగి నియామకానికి అర్హత ఉండి సిద్ధపడిన డైరెక్టర్ స్థానంలో నియామకం.

ప్రత్యేక వ్యవహారం
4. ఒక డైరెక్టర్ భార్య పేరిట ఉన్న పక్క స్థలాన్ని లారీల పార్కింగుకు కంపెనీ లీజుకు తీసుకోవడం. సాధారణ తీర్మానం.

ఇందులో ఆడిటర్ అంశం లేదు, ఎందుకంటే ఆ కంపెనీ ఆడిటర్ ఐదేళ్ళ గడువు ఇంకా నడుస్తోంది. ఆడిటర్ నియామకాన్ని ఏటా ఏజీఎంలో ధ్రువీకరించాలన్న నియమం 2018 మే 7తో పోయింది. అయినా పాత నోటీసులు చూసి రాసేవాళ్ళు ఆ అంశాన్ని ఇంకా దింపుతూనే ఉన్నారు. మీ నోటీసులో ఉంటే తీసేయండి. గడువు ముగుస్తున్న ఏడాది మాత్రం నియామకం అంశం మర్చిపోవద్దు.

"చైర్మన్ అనుమతితో ఇతర విషయాలు" అన్న వాక్యం కూడా రాయకండి. నోటీసులో లేని అంశం మీద ఏజీఎంలో నిర్ణయం తీసుకోవడానికి లేదు. రాని సభ్యుడు నోటీసు చదివే కదా, రావాలో అక్కర్లేదో తేల్చుకున్నది.

వివరణ పత్రంలో దాపరికం ఉండకూడదు. లీజు అంశానికి ఇలా రాయాలి: స్థలం ఎవరిది, ఆ డైరెక్టరుతో ఆమెకున్న బంధుత్వం, ఎంత స్థలం, నెలకు అద్దె ఎంత, ఎన్నేళ్ళకు, అద్దె పెంపు ఎలా, ఈ స్థలమే ఎందుకు, ఆ డైరెక్టరూ ఆయన బంధువులూ తప్ప మిగతా డైరెక్టర్లకు ఇందులో ఆసక్తి ఉందా లేదా. ఇలాంటి అంశం మీద సంబంధమున్న సభ్యులు సాధారణంగా ఓటు వేయకూడదు, ఆ మాట కూడా అక్కడే రాయండి. "కంపెనీ ప్రయోజనాల దృష్ట్యా బోర్డు సిఫారసు చేస్తోంది" అని ఒక్క వాక్యంతో ముగించిన వివరణ పత్రాలు చాలా చూశాను. అది చదివి సభ్యుడు ఏమీ తేల్చుకోలేడు. వివరాలు దాచిపెట్టి గెలిచిన తీర్మానం తర్వాత కోర్టు దాకా వెళ్తుంది.

6. ప్రాక్సీ పేరా (హాలు మీటింగుకు)

హాలు మీటింగు నోటీసులో ఈ విషయం కంటికి కనబడేలా ఉండాలి. చివరి పేజీలో చిన్న అక్షరాల్లో కాదు. ఇలా రాయవచ్చు:

"సమావేశానికి హాజరై ఓటు వేసే హక్కున్న సభ్యుడు, తన బదులు హాజరై పోల్‌లో ఓటు వేయడానికి ప్రాక్సీని నియమించుకోవచ్చు. ప్రాక్సీ కంపెనీ సభ్యుడై ఉండనక్కర్లేదు. పూర్తిచేసి, తేదీ వేసి, స్టాంపు అంటించి, సంతకం చేసిన ప్రాక్సీ ఫారం సమావేశ సమయానికి కనీసం 48 గంటల ముందు రిజిస్టర్డ్ ఆఫీసుకు చేరాలి."

దీనితో పాటు ఎంజీటీ-11 ఫారం ఖాళీది జత చేయండి. మీటింగు సెప్టెంబరు 26 ఉదయం 11 గంటలకైతే ఆఖరి సమయం సెప్టెంబరు 24 ఉదయం 11. ఆ రోజూ గంటా నోటీసులోనే రాసేస్తే సభ్యుడికి లెక్క బాధ ఉండదు. 48 గంటలకంటే ముందే ఇవ్వాలని ఎవరినీ అడగకూడదు, మీ ఆర్టికల్స్‌లో అలా ఉన్నా చెల్లదు. ఆఖరి రోజు సెలవైనా ఫారాలు తీసుకోవాలి. కాబట్టి అది ఆదివారమో పండగో అయితే ఆఫీసులో ఒక మనిషిని కూర్చోబెట్టండి.

ఒక మనిషి 50 మందికి మించి ప్రాక్సీగా ఉండకూడదు, వాళ్ళందరి షేర్లు కలిపి ఓటు హక్కున్న మూలధనంలో 10 శాతం దాటకూడదు. మన కంపెనీకి అది 50,000 షేర్లు. ఒకే సభ్యుడికి 10 శాతం కంటే ఎక్కువుంటే ఆయన ఒక మనిషిని పెట్టుకోవచ్చు, కానీ ఆ మనిషి ఇంకెవరికీ ప్రాక్సీగా ఉండకూడదు.

ప్రాక్సీ ఏం చేయలేడో సభ్యులకు ముందే చెప్పండి, ఎక్కువ గొడవలు ఇక్కడే వస్తాయి. ప్రాక్సీ మీటింగులో మాట్లాడలేడు. చేతులెత్తే ఓటులో పాల్గొనలేడు, పోల్, అంటే షేర్లను బట్టి ఓట్లు లెక్కించే పద్ధతి, జరిగితేనే ఓటు వేయగలడు. కోరం లెక్కలోకి రాడు. సభ్యులు వెయ్యి మందికి మించని పబ్లిక్ కంపెనీకి కోరం ఐదుగురు. ముగ్గురు సభ్యులు, ఇరవై మంది ప్రాక్సీలు వచ్చినా కోరం లేనట్టే.

ఫారాలు వచ్చాక సంతకం రిజిస్టరులోని నమూనాతో సరిపోయిందా, తేదీ ఉందా, స్టాంపు ఉందా చూడండి. తేదీ లేని ఫారం చెల్లదు. ఒకే సభ్యుడు ఇద్దరికి ఇస్తే తర్వాతి తేదీ ఉన్నది చెల్లుతుంది. సభ్యుడు తానే వస్తే ప్రాక్సీ తనంతట తానే రద్దవుతుంది.

సభ్యుడు ఒక కంపెనీయో బ్యాంకో అయితే వాళ్ళు పంపేది ప్రాక్సీ కాదు, బోర్డు తీర్మానంతో ప్రతినిధిని. ఆ ప్రతినిధి మాట్లాడవచ్చు, ఓటు వేయవచ్చు, కోరంలోకీ వస్తాడు. ఆన్‌లైన్ మీటింగుకు కూడా ఇలా పంపవచ్చు. ఆ తీర్మానం కాపీ ముందే తెప్పించుకోండి.

7. ఆన్‌లైన్ పేరా

ఆన్‌లైన్ మీటింగైతే 6వ మెట్టులోని పేరా, ఎంజీటీ-11 ఫారం, హాలుకు దారి చూపే మ్యాపు, హాజరు స్లిప్పు అన్నీ తీసేయాలి. వాటి స్థానంలో ఈ విషయాలు రాయాలి:

"ఈ సమావేశం వీడియో కాన్ఫరెన్స్ ద్వారా జరుగుతుంది, సభ్యులు భౌతికంగా హాజరు కానక్కర్లేదు. అందువల్ల ప్రాక్సీ నియమించే సౌకర్యం లేదు. లింకు సాయంత్రం 4:45కు తెరుచుకుంటుంది, 5:15 వరకు చేరవచ్చు. చేరేటప్పుడు మీ పూర్తి పేరు, ఫోలియో నంబరు టైపు చేయండి. ఇలా హాజరైన సభ్యులను కోరంలో లెక్కిస్తాం. ప్రశ్నలను సెప్టెంబరు 23 లోపు ఈ ఈమెయిల్‌కు పంపవచ్చు, సమావేశంలో కూడా అడగవచ్చు. పోల్ జరిగితే కంపెనీ రికార్డుల్లో ఉన్న మీ ఈమెయిల్ నుంచి ఈ చిరునామాకు ఓటు పంపాలి. లింకు తెరవడంలో ఇబ్బంది వస్తే ఈ నంబరుకు ఫోన్ చేయండి."

సర్క్యులర్ ప్రకారం చేరడానికి వీలు సమావేశ సమయానికి కనీసం 15 నిమిషాల ముందు నుంచి, సమయం దాటాక కనీసం 15 నిమిషాల దాకా తెరిచి ఉంచాలి. 5 గంటలు కాగానే గది తాళం వేయకండి. ఆన్‌లైన్ గదిలో చోటు కనీసం 500 మందికి లేదా మీ మొత్తం సభ్యులకు, ఏది తక్కువైతే అంతకు సరిపోవాలి. మనకు 64 చాలు. కానీ సభ్యులతో పాటు డైరెక్టర్లు, ఆడిటర్ కూడా వస్తారని మర్చిపోవద్దు. సమావేశాన్ని రికార్డు చేసి భద్రపరచాలి.

ఓటు కోసం పెట్టే ఈమెయిల్ నోటీసులో తప్పనిసరిగా ఉండాలి. చేతులెత్తే ఓటులో ఒక మనిషికి ఒక ఓటు, పోల్‌లో షేర్లను బట్టి ఓట్లు. మన లీజు అంశంలాంటి దానికి పోల్ అడిగే అవకాశం ఎక్కువ. అప్పుడు "ఎక్కడికి పంపాలి" అని 30 మంది ఒకేసారి అడిగితే మీటింగు చేజారిపోతుంది. ఈ ఓట్లకు విడిగా ఒక ఈమెయిల్ పెట్టి, దాని పాస్‌వర్డ్ ఒకరిద్దరి దగ్గరే ఉంచండి.

8. పంపండి, పంపినట్టు రుజువు దాచండి

నోటీసు వెళ్ళవలసింది సభ్యులందరికీ, డైరెక్టర్లందరికీ, ఆడిటర్‌కు. చనిపోయిన సభ్యుడి షేర్లు ఇంకా బదిలీ కాకపోతే ఆయన వారసులకు పంపాలి. ఇది తరచూ తప్పిపోతుంది. నాలుగేళ్ళ కిందట పోయిన మనిషి పేరు మీద కవరు వెళ్తే ఆ ఇంటివాళ్ళు ఎంత బాధపడతారో ఆలోచించండి. రిజిస్టరు ఒకసారి ఊరివాళ్ళతో సరిచూసుకోండి.

ఈమెయిల్ సబ్జెక్టులో కంపెనీ పేరు, ఏజీఎం నోటీసు అన్న మాట, స్థలం, తేదీ ఉండాలి. ఉదాహరణకు: "మీ కంపెనీ పేరు: వార్షిక సర్వసభ్య సమావేశం నోటీసు, వీడియో కాన్ఫరెన్స్ ద్వారా, 26 సెప్టెంబరు 2026, సాయంత్రం 5". నోటీసు, లెక్కలు, రిపోర్టులు పీడీఎఫ్‌గా జత చేయండి. అందరి చిరునామాలూ అందరికీ కనబడేలా ఒకే ఈమెయిల్ పంపకండి.

ఈమెయిల్ లేని 23 మందికి ఏం చేయాలి? ముందు ఫోన్ చేసి, కొడుకుదో కూతురిదో కాకుండా వాళ్ళదే ఒక ఈమెయిల్ నమోదు చేయించండి. కుదరనివాళ్ళకు సెప్టెంబరు 2 లోపు పోస్టులో కాగితం కాపీ పంపండి. దానితో పాటు లాప్‌టాప్‌లు పెట్టిన ఆఫీసు చిరునామా, రావలసిన సమయం రాసిన చీటీ పెట్టండి. వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజీ గుర్తుచేయడానికే పనికొస్తుంది, నోటీసుకు బదులు కాదు.

నోటీసు ఇంగ్లీషులో ఉంటే ఒక తెలుగు ప్రతి కూడా జత చేయండి. లీజు అంశం మీద ఓటు వేయవలసిన రైతుకు అది అర్థమయ్యే భాషలో ఉండాలి.

పంపిన ఈమెయిళ్ళ జాబితా, వెనక్కి తిరిగివచ్చిన వాటి వివరాలు, పోస్టాఫీసు రసీదులు ఒక ఫైలులో పెట్టండి. తిరిగివచ్చిన ప్రతి ఈమెయిల్‌కూ అదే రోజు ఫోన్ చేయండి. మీరు ముందే పంపి ఉంటే పోస్టు పెట్టడానికి ఇంకా టైముంటుంది.

9. మీటింగుకు ముందు సరిచూసుకోండి

సెప్టెంబరు 22 లేదా 23న అసలు లింకుతోనే పరీక్ష పెట్టండి. కంపెనీ లాప్‌టాప్ నుంచి చేరితే అది పరీక్ష కాదు. ఊళ్ళో పాత ఫోను ఉన్న ఒక సభ్యుడినీ, అమెరికాలో ఉన్న ఒక సభ్యుడినీ చేరమనండి. మాట వినబడుతోందా, పేరు సరిగా కనబడుతోందా, రికార్డింగు ఆగకుండా నడుస్తోందా చూడండి.

ఉచిత ఖాతాతో మీటింగు పెట్టడం నేను చూసిన తప్పుల్లో అన్నిటికంటే సులువుగా తప్పించగలిగినది. జూమ్ ఉచిత ఖాతాలో మీటింగు 40 నిమిషాలకు తెగిపోతుంది. లెక్కలు చదవడం అయ్యేసరికి అందరూ బయట పడతారు. తిరిగి చేరేటప్పుడు కోరం ఉందో లేదో మళ్ళీ లెక్కపెట్టుకోవాలి. ఒక నెలకు డబ్బు కట్టండి.

కోరం కోసం అరగంట చూడవచ్చు. అప్పటికీ ఐదుగురు రాకపోతే మీటింగు వచ్చేవారం అదే రోజు, అదే సమయానికి వాయిదా పడుతుంది. ఆ రోజు కూడా అరగంటలో కోరం రాకపోతే వచ్చినవాళ్ళే కోరం. సెప్టెంబరు 26 మీటింగు అలా వాయిదా పడితే అక్టోబరు 3కి వెళ్తుంది. లెక్క చూడండి: సెప్టెంబరు 30కి ముందు నాలుగు రోజులే మిగిల్చుకున్నాం కాబట్టి వాయిదా గడువు దాటింది. కోరం మీద ఏమాత్రం అనుమానమున్నా తేదీని ఒక వారం ముందుకు తెచ్చుకోండి. పెద్ద వాటాలున్న ఏడెనిమిది మందికి ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి, లింకు అందిందా అని అడగండి.

ఒక చివరి మాట, మీటింగుకు వచ్చినవాళ్ళకు స్టీలు డబ్బాలు, కూపన్లు పంచే అలవాటున్న కంపెనీలకు: ఏజీఎం సందర్భంగా సభ్యులకు బహుమతులు పంచకూడదని కంపెనీ సమావేశాలకు వర్తించే సెక్రటేరియల్ స్టాండర్డ్ స్పష్టంగా చెబుతోంది. కాఫీ, టిఫిన్ పెట్టండి.